స్లాబ్‌కి మూడు రోజుల ముందు బాత్రూమ్ అడిగితే: మార్పు ఫారంలో ఏముండాలి

ఇల్లు కట్టే కాంట్రాక్టరుతో రాసుకునే అగ్రిమెంటు చివరి పేజీలో దాదాపు ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: "ఎక్స్‌ట్రా వర్కులకు వేరుగా చార్జ్ చేయబడును." ఎవరు చెబితే ఎక్స్‌ట్రా, ఎంత చార్జ్, ఎప్పుడు చెప్పాలి, దానివల్ల ఇల్లు అప్పగించే తేదీ ఎంత జరుగుతుంది అన్న మాట ఒక్కటీ ఉండదు. ప్రభుత్వ పనుల్లో ఇలా వదిలెయ్యరు. కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలు చూసే సీపీడబ్ల్యూడీ కాంట్రాక్టు షరతుల్లో పన్నెండో క్లాజు మొత్తం దీని గురించే ఉంటుంది: పని పరిమాణం మారితే ఎంతవరకు మారవచ్చు, రేటు ఎలా కట్టాలి అని. మన సొంత ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి నలభై లక్షల పని ఒక వాక్యం మీద, మొహమాటం మీద నడుస్తుంది. పెయింటింగ్ అయ్యాక ఫైనల్ బిల్లు దగ్గర గొడవ మొదలవుతుంది.

నేను చేసేది ఇళ్ల పనులకు పర్యవేక్షణ. ఓనరు తరఫున సైట్ చూసుకుంటాను. "చేంజ్ రిక్వెస్ట్ ఫారం" పేరుతో కొందరు కాంట్రాక్టర్లు ఇప్పుడు ఒక కాగితం ఇస్తున్నారు. అందులో మార్పు వివరం, రేటు, మొత్తం, ఓనరు సంతకం ఉంటాయి. నా దృష్టిలో అది ముందు రాసిన బిల్లు, అంతే. మార్పు ఫారం ముఖ్యంగా రెండు విషయాలు అడగాలి: ఈరోజుకి పని ఏ దశలో ఉంది, ఏ రోజు ఏ గంటలోగా తేల్చాలి. డబ్బు, రోజులు ఈ రెండింటి మీదే ఆధారపడతాయి. ఈ రెండు గడులు లేని ఫారంలో మిగతా లెక్కంతా గాలిలో కట్టినదే.

ఒక కేసు వేసి చూద్దాం. నూట యాభై గజాల స్థలంలో జీ ప్లస్ వన్, రెండు అంతస్తులూ కలిపి రెండు వేల చదరపు అడుగులు, అడుగుకి 2,100 చొప్పున 42 లక్షల అగ్రిమెంటు. రేట్లు ఉదాహరణకి వేసుకున్నవి. మీ ఊళ్లో వేరుగా ఉంటాయి, లెక్క పద్ధతి మాత్రం ఇదే. కింది అంతస్తు మీద స్లాబ్‌కి షీట్లు, జాకీలతో సెంట్రింగ్ అయిపోయింది, రాడ్ కడుతున్నారు, శుక్రవారం పొద్దున రెడీమిక్స్ కాంక్రీటు చెప్పి పెట్టారు. మంగళవారం సాయంత్రం ఓనరుగారి ఫోన్: "పైన తూర్పు బెడ్‌రూమ్‌కి అటాచ్డ్ బాత్రూమ్ పెట్టిద్దామండీ. అబ్బాయి వాళ్లొస్తే ఇబ్బంది అవుతుంది. చిన్నదే, నాలుగు బై ఏడు చాలు."

కాంట్రాక్టరు వెంటనే అనే మాట తెలిసిందే: "చేసేద్దాం సార్, లెక్క తర్వాత చూసుకుందాం." ఈ మాట మంచితనంతోనే వస్తుంది. కానీ అక్కడ తేలాల్సినవి చాలా ఉన్నాయి.

బాత్రూమ్ అంటే పైపులు పోవాలి, అంటే ఆ మేరకు స్లాబ్ కిందికి దిగాలి. దాన్నే సంకెన్ స్లాబ్ అంటాం. తొమ్మిది అంగుళాలు దించితే కింద హాల్లో ఆ మూల సీలింగ్ కూడా ముప్పావు అడుగు దిగుతుంది. ఈ విషయం ఓనరుకి తట్టదు, ఎందుకంటే ఆయన పై అంతస్తు గురించి ఆలోచిస్తున్నారు. అందుకే మార్పు వివరం రాసే గడి కింద ఇంకో గడి ఉండాలని నేను పట్టుబడతాను: "దీనివల్ల ఇంకేం మారుతుంది?" ఇక్కడ కాంట్రాక్టరు రాయాల్సింది నాలుగు ముక్కలు: హాల్ సీలింగ్ దిగుతుంది, బెడ్‌రూమ్ 28 అడుగులు తగ్గుతుంది, కిటికీ పక్కకి జరుగుతుంది, బయటి గోడ మీద డ్రైనేజీ పైపు కనిపిస్తుంది. అది చదివాక కొందరు ఓనర్లు మార్పే వద్దంటారు. ఫారం పనికొచ్చినట్టే లెక్క.

వివరం గడిలో "అటాచ్డ్ బాత్రూమ్" అని రాస్తే సరిపోదు. సైజు, తలుపు ఎటు తెరుచుకోవాలి, టైల్స్ ఎంత ఎత్తు వరకు, గీజర్ పాయింట్ ఉందా లేదా, కమోడ్ ఫిట్టింగులు ఎవరు కొంటారు అన్నవి రాయాలి. ఓనరు వాట్సాప్‌లో పంపిన స్కెచ్‌ని ప్రింటు తీసి వెనక అతికిస్తే ఇంకా మంచిది. ఏది చెయ్యరో కూడా రాయాలి. "షవర్ గ్లాస్ పార్టిషన్ లేదు" అన్న నాలుగు మాటలు ఆరు నెలల తర్వాత ఒక పూట వాదన తప్పిస్తాయి.

ఇక మొదట చెప్పిన గడి: ఈరోజుకి పని ఏ దశలో ఉంది. ఈ బాత్రూమ్‌కి ఎంత ఖర్చు అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. సెంట్రింగ్ మొదలవక ముందు అడిగితే డ్రాయింగులో మార్చి పోతాం. రాడ్ కట్టాక అడిగితే ఆ మూల విప్పాలి, షీట్లు దించాలి, రెండు చిన్న బీములు కలపాలి. స్లాబ్ పోశాక అడిగితే ఇక దించే మాటే లేదు. బాత్రూమ్ నేలని ఒక మెట్టంత పైకి లేపాలి, లేదా స్లాబ్‌కి రంధ్రాలు కొట్టి పైపులు కింద హాల్ సీలింగ్‌కి వేలాడదీసి ఫాల్స్ సీలింగ్‌తో కప్పాలి. లీకైతే హాల్లో సోఫా మీద పడుతుంది. వస్తువు అదే, ఓనరు అదే, మారింది అడిగిన రోజు. అందుకే ఈ గడిలో మాటలతో పాటు తేదీ పడిన ఫోటో ఒకటి ఉండాలి. "అప్పటికి రాడ్ కట్టలేదు కదా" అనే వాదనకి ఫోటోకి మించిన జవాబు లేదు.

డబ్బు గడి దగ్గర నాకు కాంట్రాక్టర్లతో తగవు ఎక్కువ. వాళ్లు ఒకే అంకె రాస్తారు, లక్షా పాతిక వేలు అని. ఓనరుకి అది దోపిడీలా కనిపిస్తుంది, ఎందుకంటే చుట్టాలబ్బాయి బాత్రూమ్ తొంభై వేలకి అయిందని ఆయన విన్నారు. అంకెని నాలుగుగా విడగొడితే ఈ అనుమానం చాలావరకు పోతుంది: కొత్తగా కలిసేది, పాతదాంట్లోంచి తీసేసేది, చేసింది విప్పినందుకు అయ్యేది, ఆగినందుకు అయ్యేది.

మన కేసులో కొత్తగా కలిసేది: చిన్న బీములు, ఇనుము, కాంక్రీటు 14,000. నాలుగున్నర అంగుళాల గోడ పదకొండు అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, తలుపు పోగా 92 చదరపు అడుగులు, ప్లాస్టరింగ్‌తో కలిపి 13,800. వాటర్‌ప్రూఫింగ్, సంకెన్ నింపడం 9,500. నేలకీ ఏడడుగుల ఎత్తు గోడలకీ టైల్స్ 164 అడుగులు, 18,040. ప్లంబింగ్, ఫిట్టింగులు 38,000. తలుపు, వెంటిలేటర్ 14,500. కరెంటు పాయింట్లు మూడు, 5,400. మొత్తం 1,13,240.

తీసేసేది: ఆ 28 అడుగుల్లో బెడ్‌రూమ్ ఫ్లోరింగ్ ఇక ఉండదు, ఆ రెండు గోడలకి లోపలి పెయింటు అక్కర్లేదు. కలిపి 5,000. చిన్న మొత్తమే. కానీ ఫారం మీద మైనస్ గుర్తు ఉన్న ఒక గడి కనిపిస్తే ఓనరు మిగతా అంకెల్ని చూసే చూపే మారుతుంది. కాంట్రాక్టర్లు దీన్ని కావాలని ఎగ్గొడతారని కూడా నేను అనను. ఫారంలో గడి లేదు కాబట్టి వాళ్లకి గుర్తురాదు. గడి ఉంటే సున్నా అయినా రాయక తప్పదు.

విప్పినందుకు: రాడ్ బెండింగ్ కూలీ 6,500, సెంట్రింగ్ కూలీ 4,000. ఆగినందుకు: షీట్లు, జాకీల అద్దె రోజుకి 1,500 చొప్పున నాలుగు రోజులకి 6,000. అన్నీ వేసి, తీసి చూస్తే 1,24,740. ఇందులో 16,500 బాత్రూమ్‌కి సంబంధం లేని డబ్బు. అది ఆలస్యంగా అడిగినందుకు అయింది. ఒకే అంకెలో కలిపేస్తే ఓనరు బాత్రూమ్ ఖరీదు ఎక్కువనుకుంటారు. విడిగా రాస్తే తర్వాతి మార్పు ముందుగా చెబుతారు. ఓనర్లకి క్రమశిక్షణ నేర్పడానికి ఇంతకన్నా మర్యాదైన దారి నాకు కనిపించలేదు.

రోజుల గడి దీనికన్నా మోసకారి. "ఈ పనికి ఎన్ని రోజులు?" అని ఫారం అడిగితే కాంట్రాక్టరు "వారం" అని రాస్తాడు. బాత్రూమ్ పని అంతా కలిపి నిజంగానే వారం పైన పడుతుంది: గోడ, ప్లాస్టరు, వాటర్‌ప్రూఫింగ్, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడడం, టైల్స్. కానీ వీటిలో చాలా భాగం మిగతా గదుల పనితో పాటే నడిచిపోతుంది, ఇల్లు అప్పగించే తేదీని కదపదు. తేదీని కదిపేది ఒక్కటే: శుక్రవారం పడాల్సిన స్లాబ్ మంగళవారానికి పోవడం. గురువారం, శుక్రవారం సెంట్రింగ్ సవరణ, శనివారం రాడ్, ఆదివారం సెలవు, సోమవారం ఇంజనీరు చూడడం, మంగళవారం కాంక్రీటు. స్లాబ్ వెనక మిగతావన్నీ క్యూలో ఉంటాయి. కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబ్ కింద జాకీలు కనీసం ఏడు రోజులు, ఆరు మీటర్ల లోపు బీముల కింద పద్నాలుగు రోజులు ఉంచాలి. ఇవి తగ్గించుకునే రోజులు కావు. కాబట్టి స్లాబ్ నాలుగు రోజులు జరిగితే కింద అంతస్తు లోపలి పనంతా నాలుగు రోజులు జరుగుతుంది. ఫారం అడగాల్సిన ప్రశ్న ఇది: "ఈ మార్పు కోసం ఏ పని ఆగుతుంది, ఎన్ని రోజులు ఆగుతుంది?"

ఇంకో చిక్కు ఉంది, ఇది మన ఇళ్లకే ప్రత్యేకం. నాలుగు రోజుల ఆలస్యం అప్పుడప్పుడు నాలుగు రోజులతో పోదు. ఈ ఓనరుగారు గృహప్రవేశం జ్యేష్ఠమాసం చివర్లో పెట్టుకున్నారు. కాంట్రాక్టరు అప్పగింతకీ ముహూర్తానికీ మధ్య పది రోజులు వదులు ఉంచాం. పాత మార్పులు ఏడు రోజులు తినేశాయి, మిగిలినవి మూడు. ఇప్పుడు నాలుగు కావాలి. ఒక్క రోజు తక్కువైంది. ఆ ఒక్క రోజు దాటితే ఆషాఢం వచ్చేస్తుంది, ఆషాఢంలో గృహప్రవేశాలు చెయ్యరు, అంటే శ్రావణం దాకా ఆగాలి. అద్దె ఇంటికి ఇంకో నెల కిరాయి, బంధువులకి ఫోన్లు, అమెరికా టిక్కెట్లు మార్చుకోవడం. రోజుల గడిలో "4" అని రాస్తే ఇవేవీ కనిపించవు. "వదులులో మిగిలినవి 3, కావాల్సినవి 4, ముహూర్తం దాటుతుంది" అని రాస్తే టెన్షన్ పడాల్సిన చోట పడతారు.

అందుకే ప్రతి ఫారం మీదా పాత లెక్క కూడా రావాలి. అమెరికాలో ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ ప్రచురించే జీ701 అనే చేంజ్ ఆర్డర్ కాగితంలో నాకు బాగా నచ్చింది ఇదే: మొదటి కాంట్రాక్టు మొత్తం, ఇంతకుముందు మార్పుల నికరం, ఈ మార్పు, కొత్త మొత్తం వరుసగా ఉంటాయి, పని పూర్తి కావాల్సిన తేదీ ఎంత మారుతుందో కూడా ఉంటుంది. మన కేసులో 42,00,000, దాని కింద పాత మార్పులు 1,62,000, ఇది 1,24,740, మొత్తం 44,86,740. ఓనరు ప్రతిసారీ లక్ష చూసి ఊ అంటారు. నలభై ఐదు లక్షలకి చేరుతున్నామని చూస్తే ఆగి ఆలోచిస్తారు. బ్యాంకు లోను పాత ఎస్టిమేటు మీద వచ్చింది కాబట్టి ఈ పెరిగిందంతా చేతి డబ్బే.

ఫారం ఒక్క జవాబే ఇవ్వకూడదు. మా సైట్లో కాంట్రాక్టరు రెండు దారులు రాశాడు. ఒకటి పైన చెప్పినట్టు, ముహూర్తం దాటుతుంది. రెండోది, ప్లాస్టరింగ్‌కి రెండో బ్యాచ్‌ని వారం పెట్టి రెండు రోజులు రాబట్టడం. దానికి 8,000 అదనం, మొత్తం 44,94,740, ముహూర్తం నిలుస్తుంది. మూడో గడి "మార్పు వద్దు". దీన్ని చాలా ఫారాల్లో పెట్టరు, ఎందుకో నాకు అర్థం కాదు. వద్దన్నా కూడా ఓనరు సంతకం పెట్టి ఫైల్లో ఉండాలి. లేకపోతే టైల్స్ వేసే రోజున "నేను ఆ రోజే చెప్పాను కదా" అనే మాట వస్తుంది.

గడువు గడి చిన్నది, కానీ దాన్ని వదిలేస్తే పైన రాసినదంతా చెల్లదు. "ఈ రేట్లు, ఈ రోజులు గురువారం ఉదయం పది గంటల వరకే. ఆ లోపు జవాబు రాకపోతే పాత డ్రాయింగు ప్రకారం శుక్రవారం స్లాబ్." గురువారం పదింటికే ఎందుకంటే ఆ తర్వాత ఆ మూల రాడ్ కట్టకపోతే శుక్రవారానికి అందదు. రెడీమిక్స్ వాళ్లకీ స్లాబ్ కూలీల బ్యాచ్‌కీ కూడా ఆ లోపే చెప్పాలి. బ్యాచ్ ఒకసారి వేరే సైట్‌కి వెళ్లిపోతే వాళ్లు చెప్పిన రోజే మన రోజు. ఫారం నడుస్తున్నంతసేపూ సైట్ ఆపక్కర్లేదు. "ఆ మూల ఆరు అడుగులు వదిలి మిగతాచోట రాడ్ కట్టండి" అని మేస్త్రీకి చెప్పే వాక్యం కూడా ఫారంలోనే ఉంటే అతనికి అయోమయం ఉండదు.

సంతకాల దగ్గర అలవాటు ఏమిటంటే ఓనరు ముందు పెడతారు, మిగతా వాళ్లు తర్వాత నింపుతారు. ఇది తలకిందులు. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు: "ఇలా దించవచ్చు, బీములు ఈ డ్రాయింగు ప్రకారం." ఆయన కాదంటే రేటు కట్టడమే దండగ. తర్వాత కాంట్రాక్టరు: "ఈ డబ్బు, ఈ రోజులు, నాది బాధ్యత." చివర ఓనరు: "ఫలానా దారి ఎంచుకున్నాను." ఒక్కో సంతకం పక్కన అది దేనికి పెడుతున్నారో ఒక వాక్యం అచ్చువేసి ఉండాలి, సమయం గడి ఉండాలి. "ఆమోదించడమైనది" అని ఒకే మాట కింద ముగ్గురు సంతకం చేస్తే ముగ్గురూ మూడు వేర్వేరు విషయాలకి ఒప్పుకున్నట్టు.

ఓనరు అంటే ఎవరన్నది ఇంకో కథ. స్థలం అమ్మగారి పేరు మీద ఉంటుంది, డబ్బు డాలస్ నుంచి అబ్బాయి పంపుతాడు, రోజూ సైట్‌కి వచ్చేది నాన్నగారు. నాన్నగారు సంతకం పెడతారు, రాత్రి వీడియో కాల్‌లో అబ్బాయి "ఎందుకు నాన్నా అది" అంటాడు, పొద్దున మార్పుకి మార్పు. అగ్రిమెంటులోనే ఒక పేరు రాసుకోవాలి, ఇంత మొత్తం దాటితే రెండో వ్యక్తి వాట్సాప్ జవాబు కూడా జత చేయాలని రాసుకోవాలి. సంతకం లేని ఆమోదకర్త ఇంకొకరు ఉన్నారు, వాస్తు చూసే ఆయన. నవ్వకండి. ఇంజనీరు డ్రాయింగు, కాంట్రాక్టరు రేటు అన్నీ అయ్యాక ఈశాన్యంలో టాయిలెట్ వద్దని ఆయన అంటే అందరి కష్టమూ వృథా. నమ్మకం ఉన్నా లేకున్నా, పై వివరం గడిలోనే "వాస్తు చూపించారా? అవును / అక్కర్లేదు" అని నేను పెట్టిస్తాను.

మున్సిపల్ ప్లాన్ గడి ఒకటి కావాలి, కానీ ఒక్క టిక్ చాలు. గది లోపల బాత్రూమ్ అయితే ఇంటి ఆకారం మారదు. బాల్కనీ మూసేయడమో, వెనక ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్‌లోకి గోడ జరపడమో అయితే ఆమోదించిన ప్లాన్‌కి తేడా వస్తుంది, అప్పుడు ఫారం అక్కడే ఆగి ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లాలి.

మార్పు ఎవరివల్ల వచ్చింది అన్న గడి గురించి నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఓనరు కోరిక, డ్రాయింగులో తప్పు, సైట్ పరిస్థితి అని మూడు రకాలు పెడితే డబ్బు ఎవరు కట్టాలో తేలుతుంది. పునాది తవ్వితే బండ తగిలిందనుకోండి, అది ఎవరి తప్పూ కాదు, అగ్రిమెంటు ఏమంటే అది. కానీ "డ్రాయింగులో తప్పు" అని టిక్ పెట్టగానే ఆర్కిటెక్టు, కాంట్రాక్టరు నువ్వంటే నువ్వని కూర్చుంటారు, స్లాబ్ ఆగుతుంది. అందుకని ఆ గడి ఖాళీగా ఉన్నా పని మొదలుపెట్టవచ్చు, తదుపరి బిల్లు లోపు నింపాలి అని నియమం పెట్టుకున్నాం. పరవాలేదు, నడుస్తోంది.

ప్రతి స్విచ్ బోర్డు జరపడానికీ ఇంత కాగితం అక్కర్లేదు. మా దగ్గర పదివేల లోపు, తేదీ కదలని మార్పైతే గ్రూపులో ఓనరు "ఓకే" చాలు, నెలాఖరున అన్నీ ఒక షీటు మీద రాసి సంతకం. ఏ పనీ ఆగకూడదన్న షరతు మాత్రం వదలం. మూడు వేల మార్పైనా స్లాబ్ ఆపితే అది పెద్ద ఫారమే. వర్షానికి తవ్విన గుంట గోడ కూలుతుంటే ఫారం కోసం చూడం, పని చేసేస్తాం. కానీ కప్పేసే ముందు కొలత, ఫోటో తీసి, మర్నాడు ఫారం రాస్తాం. మట్టి కప్పాక ఎన్ని లోడ్లు పోశారో దేవుడికే తెలుసు.

రాయని పనికి డబ్బే రాదా అంటే, అలాగేం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పని ఫలితాన్ని ఇంకొకరు అనుభవిస్తే పరిహారం ఇవ్వాలి. కానీ ఆ హక్కు కోసం కోర్టుకెళ్లి, పని చేసినట్టు, ఊరికే చెయ్యలేదన్నట్టు సాక్ష్యం చూపించాలి. బాత్రూమ్ డబ్బు కోసం ఏ కాంట్రాక్టరు అన్నేళ్లు తిరుగుతాడు? ఓనరు దగ్గర తగ్గించుకుని పోతాడు, తర్వాతి ఇంటి రేటులో కలుపుకుంటాడు.

ఆ మంగళవారం ఫోన్ చేసిన ఓనరుగారు బుధవారం సాయంత్రం ఏడింటికి రెండో దారికి సంతకం పెట్టారు. హాల్ సీలింగ్ దిగుతుందన్న వాక్యం దగ్గర ఆయన భార్య చాలాసేపు ఆగారు. ఆ మూల ఫాల్స్ సీలింగ్ లేకుండా బీము అంచు వరకే ప్లాస్టరు చేసి వదిలేయాలని ఆవిడే కింద పెన్నుతో రాశారు. కాంట్రాక్టరు దాని పక్కన "రూ. 0" అని వేసి సంతకం పెట్టాడు.